ఆ జవాబు ఏ అంకె మీద నిలబడింది?

మాదిరి పరీక్ష రాసి వచ్చిన ఒక విద్యార్థిని ప్రశ్నపత్రాన్ని నా బల్ల మీద పెట్టింది. "సార్, నా కూడిక ఎక్కడా తప్పలేదు. అయినా జవాబు తప్పంటున్నారు" అంది. చూశాను. నిజంగానే కూడికలో తప్పు లేదు. ఆ అమ్మాయి 1,32,000 ఉన్న ఆప్షన్ గుర్తించింది.

"ఇందులో 22,000 ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"పాత మెషీన్ అమ్మిన ధర సార్. బొమ్మ కింద ఇచ్చారు కదా."

"సరే. మెషినరీ ఖాతాలోంచి ఆ మెషీన్ వెళ్లిపోయినప్పుడు ఖాతా తగ్గింది 22,000 మాత్రమేనా?"

కాసేపు బొమ్మనే చూసింది. తర్వాత పెన్సిల్ తీసుకుని 22,000 పక్కన 8,000 రాసింది. ఆమెకు ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

బ్యాలెన్స్ షీట్‌నో లెడ్జర్ ఖాతానో బొమ్మగా ఇచ్చి, కింద నాలుగు ఆప్షన్లు పెట్టే ప్రశ్నల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాగే. లెక్క వస్తుంది, పద్ధతీ తెలుసు, కానీ బొమ్మలో ఒక అంకెకు బదులు పక్కనున్న ఇంకో అంకె చేతికొస్తుంది. ఆ పక్క అంకెతో వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ఈ అధ్యాయంలో ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

బొమ్మ

| వివరాలు | నోట్ నం. | 31-3-2024 (₹) | 31-3-2023 (₹) |
|---|---|---|---|
| వాటా మూలధనం | 1 | 4,00,000 | 3,50,000 |
| రిజర్వులు, మిగులు | 2 | 1,35,000 | 1,10,000 |
| దీర్ఘకాలిక అప్పు | 3 | 1,00,000 | 80,000 |
| వర్తక రుణదాతలు | 4 | 65,000 | 60,000 |
| మొత్తం | | 7,00,000 | 6,00,000 |
| మెషినరీ (నికర విలువ) | 5 | 4,00,000 | 3,40,000 |
| సరుకు నిల్వ | 6 | 1,20,000 | 1,10,000 |
| వర్తక రుణగ్రస్తులు | 7 | 1,30,000 | 95,000 |
| నగదు, బ్యాంకు | 8 | 50,000 | 55,000 |
| మొత్తం | | 7,00,000 | 6,00,000 |

బొమ్మ కింద రెండు వాక్యాలు: ఈ ఏడాది మెషినరీపై తరుగుదల 50,000. పుస్తక విలువ 30,000 ఉన్న ఒక మెషీన్‌ను 22,000కు అమ్మారు.

ప్రశ్న: ఏడాదిలో కొన్న మెషినరీ విలువ ఎంత?

ఎ) 60,000  బి) 1,10,000  సి) 1,32,000  డి) 1,40,000

లెక్క మొదలుపెట్టే ముందు కళ్లతో చేయాల్సిన పని ఒకటుంది: ఏ నిలువు వరుస ఏ సంవత్సరానిదో తలపట్టీలో చదవాలి. కంపెనీల చట్టం 2013లోని షెడ్యూల్ III నమూనాలో ఈ ఏడాది అంకెలు ముందు వస్తాయి, నిరుటివి వాటికి కుడిపక్కన ఉంటాయి. ఇంటర్, డిగ్రీ పుస్తకాల్లో ఇచ్చే పాత పద్ధతి పట్టికలో అప్పులు ఎడమన, ఆస్తులు కుడిన ఉంటాయి, సంవత్సరాలు చాలాసార్లు పాతది ముందు, కొత్తది తర్వాత అన్న వరుసలో వస్తాయి. రెండు రకాల పుస్తకాలూ చదివిన విద్యార్థికి కన్ను దేనికి అలవాటు పడితే దానివైపే పోతుంది. వరుసలు తారుమారైతే ఈ ప్రశ్నలో 3,40,000కు 50,000, 30,000 కలిపి 4,00,000 తీసేస్తాం, 20,000 వస్తుంది. ఇక్కడ ఆ అంకె ఆప్షన్లలో లేదు కాబట్టి బతికిపోతాం. ఉన్న ప్రశ్నలో తప్పించుకోలేం.

నోట్ నంబరు వరుస కూడా చిన్న ఉచ్చే. ఫోన్ తెర మీద బొమ్మ కుదించుకుపోయినప్పుడు నోట్ నంబరు 5, పక్కనున్న 4,00,000 కలిసి ఒకే అంకెలా కనిపించిన సందర్భాలు నేను చూశాను. తలపట్టీలో "₹ లక్షల్లో" అని ఉందేమో, అంకె చుట్టూ బ్రాకెట్లు ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. బ్రాకెట్లలో ఉన్న అంకెను తీసివేయాలి, కలపకూడదు.

అంకె మసకగా ఉంటే మొత్తాలు సాయం చేస్తాయి. నిరుటి సరుకు నిల్వ 1,10,000 అని ఉందో, 1,70,000 అని ఉందో తెలియడం లేదనుకోండి. ఆస్తుల వరుసలో మిగతా మూడూ కూడితే 4,90,000. మొత్తం 6,00,000. కాబట్టి అది 1,10,000. అప్పుల వైపు కూడా అదే 6,00,000 ఉంటుంది కాబట్టి మొత్తాన్నే తప్పు చదివామేమో అన్న అనుమానం కూడా తీరుతుంది. ఒకే నిలువు వరుసలో, ఒకే వైపున రెండు అంకెలు మసకబారితే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, ఆ రెండింటి కూడిక ఎంతో తెలుస్తుంది గానీ ఏది ఎంతో తెలియదు. అప్పుడు ప్రశ్నకు ఆ రెండిట్లో ఒకటి అసలు అవసరమా అన్నదే ముందు చూసుకోవాలి. మన ప్రశ్నకు కావలసింది మెషినరీ వరుస ఒక్కటే. మిగతా ఏడు వరుసలను రఫ్ కాగితం మీద ఎక్కించడం మొదలుపెడితే ఆ సమయం తిరిగి రాదు.

ఆప్షన్ల కింద పునాది

ఇప్పుడు అసలు పని. నాలుగు ఆప్షన్లనూ రఫ్ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతిదీ బొమ్మలోని ఏయే అంకెలతో తయారవుతుందో పక్కన రాయండి.

ఎ) 60,000 = 4,00,000 − 3,40,000

బి) 1,10,000 = 60,000 + 50,000

సి) 1,32,000 = 60,000 + 50,000 + 22,000

డి) 1,40,000 = 60,000 + 50,000 + 30,000

ఇలా రాసి చూస్తే ఆప్షన్ల మధ్య ఉన్న తేడా ఏమిటో బయటపడుతుంది. ఎ నుంచి బికి వెళ్తే కలిసింది తరుగుదల. బి నుంచి సి, డిలకు వెళ్తే కలిసింది అమ్మిన మెషీన్. సి, డిల మధ్య తేడా ఆ మెషీన్‌ను ఏ విలువకు తీసుకున్నామన్నది మాత్రమే. అంటే ప్రశ్న రాసినవారు మనల్ని అడిగింది మూడు చిన్న ప్రశ్నలు: తరుగుదలను లెక్కలోకి తీసుకోవాలా? అమ్మిన మెషీన్‌ను తీసుకోవాలా? తీసుకుంటే ఏ విలువకు? ఈ మూడింటికి కారణంతో సహా జవాబు చెప్పగలిగితే, నాలుగు పెద్ద అంకెలలో ఏది సరైనదో అదే తేలిపోతుంది.

ఆప్షన్లు ఇలా మెట్లమెట్లుగా ఉండడం యాదృచ్ఛికం కాదు. మాదిరి పరీక్షలకు నేనూ ప్రశ్నలు రాస్తుంటాను. సరైన జవాబు కట్టాక, తరగతిలో ఏ తప్పులు తరచూ వస్తాయో గుర్తు చేసుకుని, ఒక్కో తప్పుతో మళ్లీ లెక్క కట్టి ఒక్కో తప్పు ఆప్షన్ తయారుచేస్తాను. గాలిలోంచి తీసిన అంకె పెడితే అది ఎవరినీ పరీక్షించదు. తప్పు ఆప్షన్‌కు కూడా పునాది ఉంటుంది, ఆ పునాది బొమ్మలోనే ఉంటుంది.

మూడు చిన్న ప్రశ్నలకు జవాబు ఎక్కడ దొరుకుతుంది? ఆప్షన్లలో దొరకదు, ఖాతాలో దొరుకుతుంది. బ్యాలెన్స్ షీట్ ఏడాది మొదట్లో, చివర్లో తీసిన రెండు ఫొటోల్లాంటిది. మధ్యలో ఏం జరిగిందో లెడ్జర్ చెబుతుంది, మన పెద్దల మాటలో ఆవర్జా. కాబట్టి రఫ్ కాగితం మీద పెద్ద టీ గీసి మెషినరీ ఖాతా వేయండి.

| డెబిట్ | ₹ | క్రెడిట్ | ₹ |
|---|---|---|---|
| బ్యాలెన్స్ బి/డి | 3,40,000 | బ్యాంక్ (అమ్మకం) | 22,000 |
| బ్యాంక్ (కొనుగోలు) | ? | లాభనష్టాల ఖాతా (నష్టం) | 8,000 |
| | | తరుగుదల | 50,000 |
| | | బ్యాలెన్స్ సి/డి | 4,00,000 |
| మొత్తం | 4,80,000 | మొత్తం | 4,80,000 |

క్రెడిట్ వైపు కూడితే 4,80,000. డెబిట్ వైపు కూడా అంతే రావాలి కాబట్టి ప్రశ్నార్థకం ఉన్నచోట 1,40,000. ఆప్షన్ డి.

ఇప్పుడు సి ఎందుకు తప్పో కంటికి కనిపిస్తుంది. అమ్మిన మెషీన్ ఖాతాలోంచి పోయేది పుస్తక విలువ 30,000 మేరకు. అందులో 22,000 డబ్బుగా బ్యాంకుకు వచ్చింది, మిగిలిన 8,000 నష్టంగా లాభనష్టాల ఖాతాకు పోయింది. ఖాతాలో ఇవి రెండు వేర్వేరు వరుసలు. సి ఆప్షన్ మొదటి వరుసను తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. ఆ విద్యార్థిని 22,000 పక్కన 8,000 రాసింది అందుకే.

అమ్మిన ధర ఎందుకంత సులభంగా చేతికొస్తుందో చెప్పాలి. ప్రశ్నలో "కొన్నారు", "అమ్మారు" అన్న మాటలు వినగానే మనసు డబ్బు లావాదేవీలవైపు పోతుంది. పుస్తక విలువ డబ్బు కాదు, పుస్తకంలో ఉన్న ఒక విలువ మాత్రమే. కానీ బ్యాలెన్స్ షీట్‌లోని 3,40,000, 4,00,000 కూడా పుస్తక విలువలే. వాటి మధ్య దూరాన్ని కొలుస్తున్నప్పుడు వాడే అంకె కూడా ఆ జాతిదే అయి ఉండాలి. ఒక వరుసను నింపే అంకెలన్నీ ఒకే కొలతలో ఉన్నాయా అన్న ప్రశ్న ఒక్కటి వేసుకుంటే సి లాంటి ఆప్షన్లలో చాలావరకు పడిపోతాయి.

బొమ్మ బ్యాలెన్స్ షీట్ కాక లెడ్జర్ అయితే

కొన్నిసార్లు ప్రశ్న రాసేవారు ఖాతానే బొమ్మగా ఇచ్చి, ఒక గడి ఖాళీగా వదిలి, అదెంత అని అడుగుతారు. అప్పుడు ఆప్షన్ల పునాది వేరుగా ఉంటుంది. 4,80,000 ఆప్షన్‌గా కనిపిస్తుంది, ఎందుకంటే అది బొమ్మలో రెండుసార్లు, కింద గీతతో, అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించే అంకె. కానీ ఆ మొత్తానికి సొంతంగా అర్థమేమీ లేదు. రెండు వైపులా సమానమయ్యాయని చూపడానికే అది ఉంది. ఏడాది మొదట్లోగానీ చివర్లోగానీ మెషినరీ విలువ అంత లేదు.

ఇంకో తప్పు ఇంతకంటే లోతైనది. "మార్చి 31న మెషినరీ ఖాతా నిల్వ ఎంత, ఏ రకం?" అని అడిగి, "4,00,000 డెబిట్", "4,00,000 క్రెడిట్" అని రెండు ఆప్షన్లు ఇస్తారు. బొమ్మలో బ్యాలెన్స్ సి/డి 4,00,000 క్రెడిట్ వైపు రాసి ఉంది కదా అని క్రెడిట్ గుర్తించేవారు తక్కువమంది కాదు. డెబిట్ వైపు ఎక్కువగా ఉంది కాబట్టే, సమానం చేయడానికి ఆ తేడాను క్రెడిట్ వైపు రాశారు. మర్నాడు, అంటే ఏప్రిల్ 1న, అదే అంకె బ్యాలెన్స్ బి/డిగా డెబిట్ వైపుకు వస్తుంది. నిల్వ డెబిట్ నిల్వే. ఇక్కడ రెండు ఆప్షన్లూ ఒకే అంకె మీద నిలబడ్డాయి. తేడా అంకెలో లేదు, అది ఎటువైపు ఉందన్న అర్థంలో ఉంది. కాబట్టి లెడ్జర్ బొమ్మలో అంకెను వెతికేటప్పుడు దాని పక్కనున్న మాటను కూడా కలిపే తీసుకోవాలి. 4,00,000 అని కాకుండా "సి/డి 4,00,000" అని రాసుకోవాలి.

ఆ మాట గురించే ఇంకొకటి. ఖాతాలో వరుస పక్కన రాసే పేరు ఎదుటి ఖాతాది. క్రెడిట్ వైపు "బ్యాంక్ 22,000" అంటే బ్యాంకు ఖాతా తగ్గిందని కాదు, మెషినరీ తగ్గి బ్యాంకు పెరిగిందని. ఈ సంగతి మొదటి నెలలో బాగా నాటుకోకపోతే లెడ్జర్ బొమ్మ చదవడం ఎప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అదే ప్రశ్న, వేరే పునాది

ఇప్పుడు బ్యాలెన్స్ షీట్‌కు బదులు నోట్ 5ను బొమ్మగా ఇచ్చారనుకుందాం. అందులో మెషినరీ అసలు ఖరీదు నిరుడు 5,00,000, ఈ ఏడు 6,00,000. అప్పటిదాకా పోగైన తరుగుదల నిరుడు 1,60,000, ఈ ఏడు 2,00,000. తీసివేస్తే అవే నికర విలువలు, 3,40,000, 4,00,000. కింద అవే రెండు వాక్యాలు. ఆప్షన్లు మాత్రం మారాయి: 1,00,000, 1,30,000, 1,40,000, 1,90,000.

మళ్లీ పునాదులు రాద్దాం. 1,00,000 అంటే అసలు ఖరీదుల మధ్య తేడా. 1,30,000 అంటే దానికి పుస్తక విలువ 30,000 కలిపారు. మిగిలిన రెండింటిని కట్టాలంటే 40,000 కావాలి, అది బొమ్మలో నేరుగా లేదు. వెతికితే దొరుకుతుంది. పోగైన తరుగుదల 1,60,000కు ఈ ఏడాది 50,000 కలిస్తే 2,10,000 కావాలి, ఉన్నది 2,00,000. తగ్గిన 10,000 అమ్మిన మెషీన్‌తో వెళ్లిపోయింది. పుస్తక విలువ 30,000, తరుగుదల 10,000 కలిపితే ఆ మెషీన్ అసలు ఖరీదు 40,000. అప్పుడు 1,40,000 = 1,00,000 + 40,000. 1,90,000 = 1,00,000 + 40,000 + 50,000.

ముందు చేసినప్పుడు తరుగుదల కలపకపోతే తప్పు, ఇక్కడ కలిపితే తప్పు. ముందు పుస్తక విలువ సరైనది, ఇక్కడ అదే 1,30,000 అనే తప్పు ఆప్షన్‌కు పునాది. కారణం ఒకటే. అసలు ఖరీదు ఖాతాను తరుగుదల తాకదు, అది విడిగా పోగవుతుంది. మెషీన్ వెళ్లిపోయినప్పుడు ఆ ఖాతాలోంచి పూర్తి ఖరీదు పోతుంది. "తరుగుదల కలపాలి, పుస్తక విలువ కలపాలి" అని సూత్రంలా కంఠస్థం చేసినవాళ్లు రెండో బొమ్మ దగ్గర చిక్కుకుపోయేది అందుకే. వరుసకు పక్కన "నికర విలువ" అని ఉందా, "అసలు ఖరీదు" అని ఉందా అన్న ఆ ఒక్క మాట చదవకుండా పెన్ను కదపవద్దని నేను తరగతిలో పట్టుబట్టి చెబుతాను.

సరిచూసే దారి

సమయం మిగిలితే, మొదటి బొమ్మలాగా పూర్తి బ్యాలెన్స్ షీట్ చేతిలో ఉంటే, జవాబును ఇంకో వైపునుంచి పరీక్షించవచ్చు. నగదు 55,000 నుంచి 50,000కు వచ్చింది, అంటే 5,000 తగ్గింది. మన జవాబు నిజమైతే మిగతా మార్పులన్నీ కలిపి ఈ తగ్గుదలనే చూపాలి. ఇందులో పన్ను, డివిడెండ్ లేవనుకుని కడదాం.

రిజర్వులు 25,000 పెరిగాయి, అది లాభం. దానికి డబ్బు బయటికి పోని తరుగుదల 50,000, అమ్మకపు నష్టం 8,000 కలపండి, 83,000. సరుకులో 10,000, రుణగ్రస్తుల్లో 35,000 ఇరుక్కున్నాయి, రుణదాతలకు ఇవ్వాల్సింది 5,000 పెరిగింది. మిగిలింది 43,000. మూలధనం 50,000, అప్పు 20,000 వచ్చాయి, మొత్తం 1,13,000. పాత మెషీన్ అమ్మితే వచ్చిన 22,000 కలిపితే 1,35,000. నగదు 5,000 తగ్గాలంటే కొత్త మెషినరీకి 1,40,000 పోయి ఉండాలి. సరిపోయింది.

ఇక్కడ 1,32,000 పెట్టి చూడండి. నగదు 3,000 పెరిగినట్టు వస్తుంది, బొమ్మలో 5,000 తగ్గింది. తేడా 8,000, అంటే వదిలేసిన నష్టం. తప్పు ఏ వరుసలో దాక్కుందో కూడా ఆ తేడాయే చెబుతోంది.

పరీక్షలో ప్రతిసారీ ఇంత చేయమని నేను చెప్పను. ఇంట్లో సాధన చేసేటప్పుడు వారానికి ఒక ప్రశ్నకు చేస్తే చాలు, ఒక్కో అంకె ఇంకెక్కడెక్కడ ముడిపడి ఉందో తెలుస్తుంది.

ఆప్షన్లలో లేని జవాబు వస్తే

మొదటి బొమ్మ ప్రశ్నకు మీరు లెక్క కట్టారు, 90,000 వచ్చింది. ఆప్షన్లలో లేదు. కంగారుగా మొదటినుంచి కట్టే బదులు, మీ జవాబుకు ఒక్కో ఆప్షన్‌కు తేడా ఎంతో చూడండి. ఎతో 30,000. బితో 20,000. సితో 42,000. డితో 50,000. 20,000, 42,000 అనే అంకెలు ఈ ప్రశ్నలో ఎక్కడా లేవు. 30,000 ఉంది, పుస్తక విలువ. 50,000 ఉంది, తరుగుదల. కాబట్టి మీరు చేసింది ఈ రెండిట్లో ఏదో ఒకటి: పుస్తక విలువను అనవసరంగా కలిపారు, లేదా తరుగుదలను మరిచిపోయారు.

ఈ పద్ధతి ఇంతవరకే తీసుకొస్తుంది. రెండు దారులు చూపింది, వాటిలో ఏది సరైనదో చెప్పదు. అది చెప్పాల్సింది మెషినరీ ఖాతా. మెషీన్ ఖాతాలోంచి వెళ్లింది కాబట్టి 30,000 ఉండాల్సిందే, తరుగుదల నికర విలువను తగ్గించింది కాబట్టి అదీ ఉండాల్సిందే. మరిచిపోయింది తరుగుదల. జవాబు డి. ఖాతాను అడగకుండా, తేడా కుదిరింది కదా అని ఎ గుర్తిస్తే, ఆప్షన్‌కు తగినట్టుగా లెక్కను వంచినట్టవుతుంది. సరిపోయే అంకె దొరికితే చాలదు, అది అక్కడ ఎందుకు ఉండాలో ఒక వాక్యంలో చెప్పగలగాలి.

ఆ విద్యార్థిని మరుసటి వారం వచ్చినప్పుడు, అదే బ్యాలెన్స్ షీట్ మీద ఇంకో ప్రశ్న ఇచ్చాను: పెట్టుబడి కార్యకలాపాల కింద నికరంగా బయటికి పోయిన నగదు ఎంత? ఆప్షన్లు 1,10,000, 1,18,000, 1,26,000, 1,40,000. జవాబు గుర్తించవద్దు, పునాదులు మాత్రం రాయమన్నాను. 1,40,000 దగ్గర "అమ్మకపు డబ్బు మరిచారు" అని రాసింది. 1,18,000 దగ్గర 1,40,000 − 22,000. 1,26,000 దగ్గర "నష్టం 8,000 కూడా బయటికి పోయిందనుకున్నారు" అని రాసింది.

1,10,000 దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత మూడు వరుసలు రాసింది. కొనుగోలు సరిగ్గానే కట్టి, వచ్చిన డబ్బుకు బదులు పుస్తక విలువ తీస్తే, 1,40,000 − 30,000. కొనుగోలునే 1,32,000గా తప్పు కట్టి, వచ్చిన డబ్బు సరిగ్గా తీస్తే, 1,32,000 − 22,000. అసలు అమ్మకం ఊసే ఎత్తకుండా నికర విలువల తేడాకు తరుగుదల మాత్రం కలిపితే, 60,000 + 50,000.

"సార్, మూడు వేర్వేరు తప్పులూ ఒకే ఆప్షన్‌కు వస్తున్నాయి. పోయినవారం నేను చేసిన తప్పు వీటిలో రెండోది" అని ఆ వరుస కింద గీత గీసింది.